పక్కవాడు తప్ప ఎవరూ తెలియని వరస

ఎనిమిది చిన్న ప్రాసెసర్లు ఒకే వరసలో ఉన్నాయి. ఎడమ నుంచి కుడికి వాటి దగ్గరున్న అంకెలు ఇవి: 7, 3, 8, 5, 2, 6, 4, 1. ఈ అంకెలను చిన్నది మొదలుకొని పెద్దది దాకా సర్దాలి. అయితే షరతు కాస్త గట్టిదే. ఏ ప్రాసెసరుకూ వరస మొత్తం కనిపించదు. పైనుంచి చూసి చెప్పే పెద్ద దిక్కు ఎవరూ లేరు. ఎడమ పక్కనున్న దానితో ఒకసారి, కుడి పక్కనున్న దానితో ఒకసారి మాట్లాడుకోవడం తప్ప వీటికి ఇంకే దారీ లేదు.

బడిలో డ్రిల్లు మాస్టారు పిల్లల్ని పొడుగు వారీగా నిలబెట్టే పద్ధతి ఇందుకు పనికిరాదు. ఆయన వరస మొత్తం చూడగలడు, పొట్టివాణ్ణి చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు నిలబెట్టగలడు. మాస్టారు సెలవు పెట్టిన రోజు పిల్లలే ఆ పని చేసుకోవాలంటే ఒక ఉపాయం ఉంది. మొదటి ఈల వినపడగానే ఒకటోవాడు రెండోవాడితో, మూడోవాడు నాలుగోవాడితో, అలా జంటలుగా ఎత్తు చూసుకుంటారు. ఎడమనున్నవాడు పొడుగైతే చోట్లు మార్చుకుంటారు. రెండో ఈలకు జంటలు మారతాయి. ఇప్పుడు రెండోవాడు మూడోవాడితో, నాలుగోవాడు అయిదోవాడితో చూసుకుంటారు. చివరలున్న ఇద్దరూ ఊరకే నిలబడతారు. మూడో ఈలకు మళ్లీ మొదటి జంటలే. ఎనిమిది మంది పిల్లలుంటే ఎనిమిది ఈలలు చాలు. మొదట ఎలా నిలబడ్డా సరే, ఎనిమిదో ఈల తర్వాత వరస తప్పకుండా సరిపోతుంది.

కంప్యూటర్ శాస్త్రంలో దీన్ని ఆడ్-ఈవెన్ ట్రాన్స్‌పొజిషన్ సార్ట్ అంటారు. బేసి రౌండులో ఒక రకం జంటలు, సరి రౌండులో ఇంకో రకం జంటలు, అంతే. నెదర్లాండ్స్‌లో పుట్టి, ప్రఖ్యాత శాస్త్రవేత్త డైక్‌స్ట్రా దగ్గర పరిశోధన చేసి, తర్వాత అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నికో హాబర్‌మన్ 1972లో దీని మీద ఒక నివేదిక రాశారు. దానికి ఆయన పెట్టిన పేరు పారలల్ నైబర్ సార్ట్. ఒక్కో ప్రాసెసరు చేసే పని అంతా ఈ నాలుగు వాక్యాల్లో ఇమిడిపోతుంది. ఇందులో `i` అంటే వరసలో దాని స్థానం, `r` అంటే రౌండు సంఖ్య.

```
for (r = 1; r <= n; r++) {
    partner = (r % 2 == i % 2) ? i + 1 : i - 1;
    if (partner < 1 || partner > n) continue;
    compare_and_keep(partner);
}
```

పోల్చుకోవడం అంటే రెండు ప్రాసెసర్లూ తమ అంకెను ఒకదానికొకటి పంపుకుంటాయి. ఎడమది రెండింట్లో చిన్నది ఉంచుకుంటుంది, కుడిది పెద్దది ఉంచుకుంటుంది. ఎవరి నిర్ణయం వారిదే.

మన ఎనిమిది అంకెల్ని నడిపించి చూస్తే పద్ధతి కళ్లకు కడుతుంది. మొదటి రౌండులో 7, 3 చోట్లు మార్చుకుంటాయి. 8, 5 మార్చుకుంటాయి. 2, 6 సరిగానే ఉన్నాయి కాబట్టి కదలవు. 4, 1 మార్చుకుంటాయి. అక్కడి నుంచి రౌండు రౌండుకూ వరస ఇలా మారుతుంది.

```
0:  7 3 8 5 2 6 4 1
1:  3 7 5 8 2 6 1 4
2:  3 5 7 2 8 1 6 4
3:  3 5 2 7 1 8 4 6
4:  3 2 5 1 7 4 8 6
5:  2 3 1 5 4 7 6 8
6:  2 1 3 4 5 6 7 8
7:  1 2 3 4 5 6 7 8
8:  1 2 3 4 5 6 7 8
```

ఇందులో 1 ప్రయాణం చూడండి. కుడి చివరన మొదలై ఒక్క రౌండు కూడా ఆగకుండా, రౌండుకో అడుగు చొప్పున ఏడు రౌండ్లలో ఎడమ చివరకు చేరింది. 2 కథ వేరు. అది మొదటి రౌండులో కదల్లేదు, ఆ తర్వాత నాలుగు అడుగులు వేసి అయిదో రౌండుకల్లా మొదటి స్థానం ఆక్రమించింది. ఆరో రౌండు అంతా అక్కడే కూర్చుంది. ఏడో రౌండులో 1 వచ్చి లేపితే ఒక అడుగు వెనక్కి తగ్గింది. 3 అయితే మొదటి రౌండులోనే ముందుకు వెళ్లి, నాలుగో రౌండు దాకా తానే అందరికన్నా చిన్నదాన్నన్నట్టు మొదటి స్థానంలో ఉండిపోయింది. తన చోటు అది కాదని దానికి తెలిసే మార్గమే లేదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఎనిమిదింటికి ఎనిమిది రౌండ్లు ఎందుకు చాలతాయన్నదే ఇందులో అసలు రుచికరమైన ప్రశ్న. ఎనిమిది అంకెల్ని 40,320 రకాలుగా పేర్చవచ్చు. అన్నింటినీ వేసి చూడటం కంప్యూటరుకు పెద్ద పని కాదు గాని, వెయ్యి అంకెల దగ్గరకు వస్తే ఆ దారి మూసుకుపోతుంది. అందుకే రుజువు కావాలి. దానికి డోనాల్డ్ క్నూత్ సార్టింగు మీద 1973లో వెలువరించిన సంపుటంలో వివరించిన సున్నా-ఒకటి సూత్రం అక్కరకొస్తుంది.

ఏదో ఒక అంకె దగ్గర గీత గీయాలి. ఉదాహరణకు 5 దగ్గర. 5, అంతకన్నా పెద్దవన్నీ 1 అనుకోవాలి, చిన్నవన్నీ 0 అనుకోవాలి. అప్పుడు మన మొదటి వరస 1 0 1 1 0 1 0 0 అవుతుంది. ప్రాసెసర్లు నిజం అంకెలతోనే పోల్చుకుంటున్నా, ఈ అద్దాల్లోంచి చూసేవారికి అవి సున్నాల్నీ ఒకట్లనీ సర్దుతున్నట్టే కనిపిస్తుంది. రెండు ఒకట్లు చోట్లు మార్చుకున్నా మార్చుకోకపోయినా చూపుకు తేడా ఉండదు కదా. చివరికి ఎక్కడైనా పెద్ద అంకె చిన్నదానికి ఎడమన మిగిలిపోయిందనుకుందాం. సరిగ్గా ఆ రెండింటి మధ్య గీత గీస్తే 0కు ఎడమన 1 కనిపిస్తుంది. అంటే ఈ పద్ధతి ఒకానొక సున్నా-ఒకటి వరసను సర్దలేకపోయిందన్నమాట. కాబట్టి సున్నాలు, ఒకట్లు ఉన్న ప్రతి వరసా సరిపోతుందని చూపిస్తే చాలు, ఇంకే అంకెల గురించీ దిగులు అక్కర్లేదు.

ఆ చూపించడం కూడా కష్టం కాదు. అన్నిటికన్నా కుడిపక్కనున్న 1ని చూడండి. దానికి కుడివైపున ఉన్నవన్నీ సున్నాలే. మొదటి రౌండులో దాని జంట ఎడమవైపు పడితే కదలదు. రెండో రౌండులో జంట తప్పకుండా కుడివైపుకే మారుతుంది. కాబట్టి ఎంత ఆలస్యమైనా రెండో రౌండుకు అది బయల్దేరుతుంది, బయల్దేరాక చివరిదాకా ఆగదు, ఎందుకంటే దాని ముందెప్పుడూ సున్నాయే. దాని వెనక ఉన్న రెండో 1కి దారి అప్పుడు ఖాళీ అవుతుంది. అది ఎంత ఆలస్యమైనా మూడో రౌండుకు బయల్దేరుతుంది. మూడోది నాలుగో రౌండుకు. ఇలా వెనక్కి వెళ్లే కొద్దీ ఆలస్యం ఒక్కో రౌండే పెరుగుతుంది.

ఇక దూరం సంగతి. వరసలో మొత్తం `n` చోట్లుండి, అందులో `k` ఒకట్లుంటే, ఏ 1 కూడా `n − k` అడుగుల కన్నా ఎక్కువ నడవక్కర్లేదు, అది దాటాల్సిన సున్నాలే అన్ని ఉన్నాయి మరి. అన్నిటికన్నా వెనకనున్న 1 మహా అయితే `k` రౌండ్లు కాచుకుంటుంది, తర్వాత `n − k` రౌండ్లు నడుస్తుంది. రెండూ కలిపితే `n`. మన ఉదాహరణలో గీత 5 దగ్గర గీసినప్పుడు నాలుగు ఒకట్లున్నాయి. వాటిలో అన్నిటికన్నా కుడివైపుది, అంటే 6, రెండో రౌండులో బయల్దేరి మూడో రౌండుకు చివరికి చేరింది. వెనకనున్న మూడూ ఒక్కో రౌండు తేడాతో నాలుగు, అయిదు, ఆరు రౌండ్లలో తమ చోట్లకు చేరాయి.

`n` కన్నా తక్కువలో అయ్యే ఉపాయం ఉందా అని అడగవచ్చు. పక్కవాడితో మాత్రమే మాట్లాడాలన్న షరతు ఉన్నంతవరకు పెద్దగా మిగిలేది ఏమీ లేదు. కుడి చివరనున్న 1 ఎడమ చివరకు రావాలంటే ఏడు అడుగులు వేయక తప్పదు. పూర్తిగా తిరగబడిన వరస, అంటే 8 7 6 5 4 3 2 1 తీసుకుంటే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ఇందులో తప్పు క్రమంలో ఉన్న జంటలు 28. పక్కపక్కన ఉన్న రెండు అంకెలు చోట్లు మారితే అందులో సరిగ్గా ఒక్కటి తగ్గుతుంది. బేసి రౌండుకు నాలుగు, సరి రౌండుకు మూడు చొప్పున ఏడు రౌండ్లలో జరిగే పోలికలు 25. ఎనిమిదో రౌండుతో కలిపితే 28. అంటే తిరగబడిన వరసను సర్దేటప్పుడు జరిగే ప్రతి పోలికలోనూ చోట్లు మారాల్సిందే. ఒక్క పోలికా వృథా పోదు, ఒక్కటీ తక్కువ పడదు. ఇంత కచ్చితంగా సరిపోయే లెక్కలు సార్టింగు ప్రపంచంలో అరుదు.

తిరగబడిన వరసకు ఇంకో మహిమ కూడా ఉంది. పక్కవాటితో మాత్రమే పోల్చే పట్టిక ఏదైనా సరే, తిరగబడిన వరసను సర్దగలిగితే ఇక అన్ని వరసల్నీ సర్దగలదు. డచ్ గణితవేత్త నికొలాస్ డి బ్రౌన్ 1974లో సార్టింగు మీద రాసిన వ్యాసంలో ఈ సంగతి ఉంది. 40,320 పరీక్షల పని ఒక్క పరీక్షతో అయిపోతుందన్నమాట.

ఇంత అందమైన పద్ధతిలో చిక్కు ఎక్కడుందంటే, ఆగడంలో ఉంది. పై పట్టికలో వరస ఏడో రౌండుకే సరిపోయింది, ఎనిమిదోది ఊరకే నడిచింది. ముందే ఆపేస్తే పోలేదా? ఆపాలంటే ఎవరికో ఒకరికి మొత్తం వరస సరిపోయిందని తెలియాలి. ఒక రౌండులో ఎవరూ చోట్లు మారకపోతే ఆపేయవచ్చుననుకోవడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. 1 3 2 4 అన్న వరస చూడండి. బేసి రౌండులో 1, 3 సరిగానే ఉన్నాయి, 2, 4 కూడా సరిగానే ఉన్నాయి. ఎవరూ కదల్లేదు. కాని 3, 2 తిరగబడే ఉన్నాయి. కాబట్టి వరసగా రెండు రౌండ్లు, ఒక బేసిదీ ఒక సరిదీ, కదలిక లేకుండా గడవాలి. ఆ కబురు అందరికీ చేరవేయాలన్నా పక్కవాడి చెవిలో చెబుతూ పోవడం తప్ప మార్గం లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు ఆ కబురు వెళ్లేందుకు ఏడు రౌండ్లు పడుతుంది. ఆ లెక్కన ఏమీ అడక్కుండా `n` రౌండ్లూ నడిపించడమే చవక.

ఇంకో తప్పు ఉంది, అది అంత తేలిగ్గా దొరకదు. ప్రాసెసర్ల దగ్గర ఒట్టి అంకెలు కాకుండా విద్యార్థుల మార్కులు, వాటితో పాటు హాల్‌టికెట్ నంబర్లు ఉన్నాయనుకుందాం. ఎడమ ప్రాసెసరుకు రాసిన నియమం: పక్కవాడి మార్కులు నావాటికన్నా తక్కువైతే అతని కాగితం తీసుకుంటాను. కుడి ప్రాసెసరుకు రాసిన నియమం: పక్కవాడి మార్కులు నావాటికన్నా ఎక్కువైనా, సమానమైనా అతని కాగితం తీసుకుంటాను. ఇద్దరు పిల్లలకు 72 మార్కులే వచ్చి పక్కపక్కన పడ్డారు. ఎడమది తన కాగితం తనే ఉంచుకుంది. కుడిది సమానమే కదా అని ఎడమదాని కాగితం నకలు తీసుకుంది. ఒక విద్యార్థి రెండుసార్లు ఉన్నాడు, ఇంకొకడు మాయమయ్యాడు. మార్కులు కూడి చూస్తే మొత్తం సరిగ్గానే వస్తుంది, వరసా సరిగ్గానే ఉంటుంది. పట్టుకోవాలంటే హాల్‌టికెట్ నంబర్లలో ఏదైనా రెండుసార్లు వచ్చిందా అని చూడాలి. మందు చిన్నదే: రెండు నియమాల్లోనూ సమానమైతే ఎవరిది వారే ఉంచుకోవాలి.

నిజం కంప్యూటర్లలో అంకెకో ప్రాసెసరు ఎవరూ పెట్టరు. 1024 అంకెలకు 1024 ప్రాసెసర్లు పెడితే 1024 రౌండ్లు పడుతుంది. ఒకే ప్రాసెసరు మంచి పద్ధతిలో ఆ పనిని పదివేల పైచిలుకు పోలికలతో చేసేస్తుంది. వెయ్యిమందిని పనిలో పెట్టి పదింతల వేగం తెచ్చుకోవడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు బేరం కాదు.

అందుకని ఒక్కో ప్రాసెసరుకు ఒక్కో మూట ఇస్తారు. పది లక్షల సంఖ్యలు, ఎనిమిది ప్రాసెసర్లు ఉంటే తలా 1,25,000. ముందు ఎవరి మూట వారు లోలోపల సర్దుకుంటారు. తర్వాత అవే ఎనిమిది రౌండ్లు. కాకపోతే ఈసారి పక్కపక్కవాళ్లు మూటలకు మూటలే ఇచ్చిపుచ్చుకుంటారు. ఎడమది రెండు మూటల్లో చిన్నవైన 1,25,000 ఉంచుకుంటుంది, కుడిది పెద్దవి ఉంచుకుంటుంది. మూటలు ముందే సర్ది ఉన్నాయి కాబట్టి రెండింటినీ కలపడం ఒక్క చుట్టులో అయిపోతుంది. జెరార్డ్ బోదే, డేవిడ్ స్టీవెన్సన్ 1978లో ఈ మూటల పద్ధతిని విశ్లేషించారు. సమాంతర ప్రోగ్రామింగ్ నేర్పే పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఇది కనిపిస్తుంది. పీటర్ పచెకో రాసిన ప్రవేశ గ్రంథం అందులో ఒకటి.

ఈ పాఠంలో చాలామంది విద్యార్థులు ఒకేచోట ఇరుక్కుంటారు. ప్రాసెసర్ల మధ్య కబుర్లు నడిపే ఎంపీఐ అనే వ్యవస్థలో `MPI_Send` పంపడానికి, `MPI_Recv` అందుకోవడానికి. ఇద్దరూ ముందు పంపి, తర్వాత అందుకునేలా రాస్తే మూటలు చిన్నవైనంత కాలం అంతా సజావుగానే నడుస్తుంది, ఎందుకంటే చిన్న కబురును వ్యవస్థ మధ్యలో తన దగ్గర దాచి పెట్టుకోగలదు. మూట పెద్దదైతే దాచే చోటుండదు. అప్పుడు పంపేవాడు అవతలివాడు అందుకునేదాకా కదలడు. అవతలివాడూ పంపే పనిలోనే ఉన్నాడు. ఇద్దరూ అలాగే ఉండిపోతారు, ప్రోగ్రాం తప్పని చెప్పదు, ఆగదు, ముందుకూ పోదు. వంద సంఖ్యలతో పరీక్షించినప్పుడు పనిచేసిన ప్రోగ్రాం లక్ష సంఖ్యలకు బిగుసుకుపోయిందంటే అనుమానించాల్సింది దీన్నే. తేల్చుకోవడానికి `MPI_Send` ఉన్నచోటల్లా `MPI_Ssend` పెట్టి చూస్తారు. అది అవతలివాడు అందుకోవడం మొదలుపెట్టేదాకా ఎప్పుడూ కాచుకునే రకం. దాంతో చిన్న మూటలకు కూడా బిగుసుకుంటే లోపం బయటపడ్డట్టే. రెండు పనుల్నీ కలిపి చేసే `MPI_Sendrecv` వాడితే ఈ తంటా ఉండదు. వరస చివరలున్నవాటికి జంట దొరకని రౌండులో `MPI_PROC_NULL` అన్న పేరు ఇస్తే, లేని పక్కవాడితో మాట్లాడే పని చప్పుడు లేకుండా దాటిపోతుంది.

మూటల పద్ధతికి ఉన్న హద్దు కూడా లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఎనిమిది రౌండ్లు, రౌండుకు 1,25,000 చొప్పున, మధ్యలో ఉన్న ఒక్కో ప్రాసెసరు పంపేది మొత్తం పది లక్షల సంఖ్యలు. ప్రాసెసర్లు పదహారు చేస్తే మూట 62,500 అవుతుంది, కాని రౌండ్లు పదహారు అవుతాయి. మళ్లీ పది లక్షలే. ఎన్ని ప్రాసెసర్లు చేర్చినా ఒక్కోదాని తీగ మీద నడిచే సరుకు తగ్గదు. లోలోపల సర్దుకునే పని తగ్గుతుంది గనుక మొదట్లో లాభం కనిపిస్తుంది, తర్వాత ఆ లాభం ఆగిపోతుంది.

వరసను మడిచి చదరం చేస్తే కొంత ఊపిరి ఆడుతుంది. 64 ప్రాసెసర్లు ఒకే వరసలో ఉంటే ఒక కొస నుంచి ఇంకో కొసకు 63 అడుగులు, ఎనిమిది వరసలు ఎనిమిది నిలువుల చదరంలో ఎదురెదురు మూలల మధ్య 14. 1970లలో నాసా ఏమ్స్ కేంద్రంలో పెట్టిన ఇలియాక్ ఫోర్ యంత్రంలో 64 ప్రాసెసర్లు ఇలాగే చదరంగా పక్కవాటితో కలిసి ఉండేవి. అలాంటి యంత్రాల్ని ఉద్దేశించి థాంప్సన్, కుంగ్ 1977లో చదరం మీద సార్టింగు పద్ధతుల్ని ప్రకటించారు. అందులోనూ మళ్లీ ఈ బేసి-సరి పద్ధతిని వాడారు.

ఇది అసలు దర్జాగా పనిచేసే చోటు మాత్రం చిన్న చిప్‌ల లోపల ఉంది. ఫోటోలో అక్కడక్కడా పడే తెల్ల, నల్ల చుక్కల్ని తీసేయడానికి ప్రతి చుక్క చుట్టూ మూడు అడ్డాలు, మూడు నిలువుల గడిలోని తొమ్మిది వెలుగు విలువల్నీ సర్ది, మధ్యదాన్ని, అంటే అయిదోదాన్ని ఎంచుకుంటారు. తొమ్మిదింటికి తొమ్మిది రౌండ్లు, రౌండుకు నాలుగు చొప్పున 36 పోలిక యంత్రాలు కావాలి. దూరదూరంగా ఉన్నవాటిని కూడా కలిపే తెలివైన అమరికలకు 25 చాలు. అంతకన్నా తక్కువతో కుదరదని 2014లో రుజువైంది కూడా. కాని ఆ అమరికల్లో తీగలు ఒకదాన్నొకటి దాటుకుంటూ చిప్‌ మీద అడ్డదిడ్డంగా పోవాలి. ఇక్కడ ప్రతి తీగా పక్కింటికే పోతుంది, ఒకే నమూనాను తొమ్మిది నిలువులుగా అచ్చుగుద్దినట్టు వేసుకోవచ్చు. మొదటి గడి విలువలు రెండో నిలువులోకి వెళ్లగానే మొదటి నిలువులోకి తర్వాతి గడి వచ్చేస్తుంది. మొదటి జవాబుకు తొమ్మిది టిక్కులు పట్టినా, అక్కడి నుంచి టిక్కుకో జవాబు చొప్పున వస్తూనే ఉంటుంది.

పైగా కావలసింది అయిదోది ఒక్కటే కాబట్టి కొన్ని పోలికల్ని తీసేయవచ్చు. చివరి నిలువులో అయిదు, ఆరు స్థానాల మధ్య పోలిక తప్ప మిగిలిన మూడూ దండగ. దానికి ముందు నిలువులో రెండు, దానికి ముందు ఒకటి. అక్కడికి 36 కాస్తా 30 అవుతాయి.